210 గంటల లెక్క

2023 డిసెంబరు 7, గురువారం. ఆంధ్రప్రదేశ్‌లో గ్రూప్-2 నోటిఫికేషన్ వెలువడింది. పరీక్ష ఫిబ్రవరి 25న. అంటే చేతిలో ఉన్నది సరిగ్గా 80 రోజులు. మర్నాటికల్లా ప్రతి ఊళ్లోనూ జిరాక్సు షాపుల దగ్గర గుంపులు. అందరి చేతుల్లోనూ ఒకటే కాగితం... ఎవరో టాపర్ చదివాడని చెప్పే టైంటేబుల్. తెల్లవారుజామున నాలుగింటికి మొదలై రాత్రి పదకొండింటికి ముగుస్తుంది. మధ్యలో తిండికీ, నడకకూ విరామాలు. మొత్తం కూడితే రోజుకు 14 గంటల చదువు.

ఆ కాగితంలో తప్పేం లేదు. హాస్టల్లో ఉంటూ, ఇంటినుంచి డబ్బులు వస్తూ, వండిపెట్టేవాళ్లున్న ఓ పాతికేళ్ల కుర్రాడికి అది సాధ్యమే కావచ్చు. చిక్కల్లా దాన్ని జిరాక్సు తీయించుకునేవాళ్లలో అలాంటి కుర్రాళ్లు తక్కువ కావడమే. చాలామందికి ఓ ఉద్యోగమో, ఓ పసిబిడ్డో, ఓ పొలమో ఉంటుంది. వాళ్లు ఆ కాగితాన్ని గోడకు అంటిస్తారు. మూడోరోజుకే వెనకబడతారు. వారం తిరిగేసరికి ‘నావల్ల కాదులే’ అనుకుంటారు. నిజానికి వాళ్లవల్ల కానిది పరీక్ష కాదు, ఆ కాగితం.

పల్నాడులోని ఓ చిన్న పట్టణంలో జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మాస్టారొకాయన ఉన్నారు. సాయంత్రం పూట శాఖా గ్రంథాలయంలో కూర్చుంటారు. పోటీపరీక్షలకు చదివేవాళ్లకు ప్రణాళికలు రాసిపెట్టడం ఆయనకో అలవాటు. డబ్బు తీసుకోరు. అయితే అడిగిన వెంటనే రాసి ఇవ్వరు కూడా. ముందు రెండు పనులు చేసుకురమ్మంటారు. ఆ రెండూ చేసుకుని మళ్లీ వచ్చేవాళ్లు సగంమందే ఉంటారట.

మొదటిపని సిలబస్ చేత్తో రాసుకురావడం. జిరాక్సు కాదు, కోచింగ్ పుస్తకం వెనక అట్టమీద ఉండేది అసలే కాదు. కమిషన్ ఇచ్చిన నోటిఫికేషన్ చివర్లో అనుబంధంగా ఉండే అసలు సిలబస్‌ని, కామాలూ గీతలతో సహా, గళ్ల పుస్తకంలో ఎడమవైపు గడిలో దింపుకోవాలి. ఒక్కో మాటకు ఒక్కో వరుస. పక్కగడి ‘ఏ పుస్తకం, ఏ పాఠం’ అనేదానికి. ఆ పక్కది పాత పేపర్లలో దానిమీద వచ్చిన బిట్లకు. ఇది గుమాస్తా పనిలా కనిపిస్తుంది కానీ సగం వృథా చదువు ఇక్కడే ఆగిపోతుంది.

ఎలాగంటే... ఆ నోటిఫికేషన్ ప్రకారం ప్రిలిమ్స్ 150 మార్కులకు. అయిదు భాగాలు, ఒక్కోదానికి 30 మార్కులు. చరిత్ర, భూగోళం, భారత సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ. అంతే. ఇందులో రాజ్యాంగం పేరుతో భాగం లేదు. ఆర్థిక వ్యవస్థ పేరుతోనూ లేదు. అవి రెండూ మెయిన్స్‌లో 75 మార్కుల చొప్పున ఉన్నాయి. అయినా ఆ డిసెంబరులో చాలామంది మొదట తెరిచింది లావుపాటి రాజ్యాంగం పుస్తకాన్నే. ‘గ్రూప్స్ అంటే పాలిటీయే కదా’ అన్న పాత నమ్మకం మరి! అది మెయిన్స్‌కి పనికొస్తుందిగా అనొచ్చు. వస్తుంది, ప్రిలిమ్స్ గట్టెక్కితే.

చరిత్ర సంగతి ఇంకా తమాషా. ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక చరిత్రలకు తలా పది మార్కులు. ప్రాచీన చరిత్ర కింద సింధు నాగరికత, వేదకాలం, బౌద్ధ జైనాలు, మౌర్యులు, గుప్తులు, హర్షుడు ఉన్నారు. శాతవాహనులు లేరు! తెలుగువాళ్ల పరీక్షలో శాతవాహనులు లేకపోవడమేంటని ఎవరికైనా అనిపిస్తుంది. ఉన్నారు, మెయిన్స్‌లో, ఆంధ్రప్రదేశ్ చరిత్ర కింద. మధ్యయుగంలో దక్షిణాది నుంచి పేరుపెట్టి చెప్పింది చోళుల పరిపాలనా విధానం గురించి. చోళుల యుద్ధాల గురించి కూడా కాదు, పరిపాలన గురించి. మౌర్యులూ గుప్తుల దగ్గరా అంతే... ‘పరిపాలన, సామాజిక ఆర్థిక పరిస్థితులు, కళ, వాస్తు, సాహిత్యం’ అని విడమరిచి ఉంటుంది. చేత్తో రాసినప్పుడు ఈ మాటలు కంటికి ఆనతాయి. చూసి వదిలేస్తే రాజుల పేర్లూ యుద్ధాల తేదీలూ బట్టీపడుతూ కూర్చుంటాం. అలాగని సిలబస్‌లో లేనిది ఒక్క బిట్టూ రాదని మాస్టారు హామీ ఇవ్వరు. 210 గంటలుంటే ముందు దేనిమీద ఖర్చుపెట్టాలో మాత్రం చెబుతారు.

ఆ 210 ఎక్కడినుంచి వచ్చిందనేదే రెండో పని.

* * *

ఆ డిసెంబరులో ఆయన దగ్గరకొచ్చినవాళ్లలో ఒకావిడ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. నాలుగేళ్ల బాబున్నాడు. భర్తది పురుగుమందుల షాపులో గుమాస్తాగిరీ. ఆవిడా ఆ 14 గంటల కాగితం పట్టుకునే వచ్చింది. వస్తూనే ఒక ప్రశ్న అడిగింది.

“మాస్టారూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. మానేస్తేనే చదవగలనేమోనని...”

“మానడం సంగతి తర్వాత చూద్దాం తల్లీ. ముందు మూడు రోజులు నీ రోజెలా గడుస్తోందో గంటగంటకూ రాసుకురా. చదవాలనుకున్నది కాదు, చదివింది రాయి” అన్నారాయన.

మూడు రోజుల తర్వాత ఆ చిట్టా చూస్తే తేలింది ఇదీ. తెల్లవారుజామున అయిదునుంచి ఆరున్నర దాకా బాబు లేవడు. ఆ గంటన్నర ఆవిడది. రాత్రి తొమ్మిదిన్నరకు వాడు పడుకున్నాక పదకొండు దాకా ఇంకో గంటన్నర. బడికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు బస్సులో నలభై నిమిషాల చొప్పున ఉంటుంది కానీ సగం రోజులు నిలబడే ప్రయాణం కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆదివారం అత్తగారు బాబుని చూసుకుంటే ఆరు గంటలు. అంటే ఆరు రోజులకు మూడేసి గంటల చొప్పున 18, ఆదివారం 6. వారానికి 24 గంటలు.

డిసెంబరు 10 ఆదివారం మొదలుపెడితే ఫిబ్రవరి 24 శనివారానికి సరిగ్గా 11 వారాలు. 11 ఇరవైనాలుగులు 264. మాస్టారు అక్కడితో ఆగలేదు. అందులో అయిదోవంతు కొట్టేశారు. మధ్యలో సంక్రాంతి మూడు రోజులుంది. బాబుకు జ్వరం రావచ్చు. బడిలో పేపర్లు దిద్దే వారం ఉంటుంది. ‘ఏ ఆటంకమూ రాదనుకుని రాసే ప్రణాళిక మొదటి ఆటంకానికే చిరిగిపోతుంది’ అంటారాయన. అలా కొట్టేయగా మిగిలింది సుమారు 210.

ఆ అంకె చూసి ఆవిడ మొహం చిన్నబోయింది. రోజుకు 14 గంటల చొప్పున అయితే 77 రోజులకు వెయ్యి గంటలు దాటుతుంది మరి! ఆ వెయ్యి కాగితం మీదవి. ఈ 210 చేతిలోవి.

పంపకం మొదలైంది. ఇక్కడే మాస్టారికీ మామూలు టైంటేబుళ్లకూ తేడా. అయిదు భాగాలకూ సమానంగా 30 మార్కులున్నాయి కదాని 210ని అయిదుతో భాగించలేదు. ముందుగా 30 గంటలు పక్కకు తీసిపెట్టారు... ఆరు గ్రాండ్ టెస్టులకు. ఒక్కో టెస్టు రాయడానికి రెండున్నర గంటలు, రాసినదాన్ని విప్పి చూసుకోవడానికి ఇంకో రెండున్నర. అవి పోగా 180. ఆవిడ లెక్కల టీచరు కాబట్టి మెంటల్ ఎబిలిటీకి 20 గంటలు చాలన్నారు. శాతాలు, వడ్డీలు, కాలం-పని ఆవిడ పిల్లలకు చెప్పేవే. నేర్చుకోవాల్సింది ప్రవచనాలు-ఊహలు వంటి రీజనింగ్ బిట్లు, వాటిలో వేగం. చరిత్రకు 55 గంటలు, భూగోళానికి 45, సమాజానికి 30, కరెంట్ అఫైర్స్‌కి 30.

అదే తెలుగు మీడియం బీఏ చదివిన కుర్రాడు వస్తే ఈ అంకెలు తలకిందులయ్యేవి. మెంటల్ ఎబిలిటీకే 50 గంటలు పోయేవి, చరిత్రకు 35 సరిపోయేవి. అందుకే ఒకరి టైంటేబుల్‌ని ఇంకొకరు జిరాక్సు తీసుకుంటే ఆయనకు చిరాకు.

ఇంకో సంగతి. ఈ 180లో మొదటిసారి చదవడానికి 134 గంటలే. మిగిలిన 46 తిరగేయడానికి. మొదటి ఏడు వారాలు చదువు, చివరి నాలుగు వారాలు తిరగేతలూ టెస్టులూ. జనవరి 27 రాత్రి తర్వాత కొత్త పుస్తకం తెరవకూడదని ఆవిడ చేత పుస్తకం మొదటి పేజీలో రాయించారు. అప్పటికి పూర్తికాని పాఠాలుంటే? వదిలేయడమే. చదివిన 80 శాతం గుర్తుండటం, చదివిన 100 శాతం మసకమసగ్గా ఉండటం కంటే నయం. మైనస్ మార్కులున్న పరీక్షలో ఆ మసకే కొంప ముంచుతుంది.

* * *

భారత సమాజం అనే భాగం ఆ ఏడాది చాలామందికి కొత్త. దానికి ఫలానా పుస్తకమని అంతవరకూ పేరుపడింది లేదు. దాంతో బజార్లో వచ్చినవల్లా కొనేశారు. మాస్టారు మాత్రం ఆ భాగాన్నే అందరికంటే ముందు చదివించారు. కారణం తేలికే. చరిత్రలో 30 మార్కులకు సింధు నాగరికత నుంచి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ దాకా చదవాలి. ఇక్కడ అవే 30 మార్కులకు సిలబస్ పది పన్నెండు వరుసలు దాటదు. గంటకు ఎన్ని మార్కులన్న లెక్క చూస్తే దీన్ని మించింది లేదు.

అందులో మూడు ముక్కలు, పదేసి మార్కులవి. మొదటిది సమాజ నిర్మాణం: కుటుంబం, వివాహం, బంధుత్వం, కులం, తెగ, మతం, మహిళలు. రెండోది సామాజిక సమస్యలు: కులతత్వం, మతతత్వం, ప్రాంతీయతత్వం, మహిళలపై నేరాలు, బాలలపై వేధింపులు, బాలకార్మికులు, యువతలో అశాంతి. మూడోది సంక్షేమ యంత్రాంగం: విధానాలు, పథకాలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగ, బాలలకున్న రాజ్యాంగపరమైన, చట్టపరమైన రక్షణలు.

అందరూ వీటిని వరుసగా చదువుకుపోతారు. మాస్టారు అడ్డంగా చదివిస్తారు. బాలకార్మికులనే మాట తీసుకోండి. అది రెండో ముక్కలోది. కానీ దానికి జవాబు మూడో ముక్కలో ఉంది. కాబట్టి ఒకే పేజీలో పైన సమస్య, దానికింద రాజ్యాంగంలో 24వ అధికరణం... 14 ఏళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదంటుంది. దానికింద 1986 నాటి చట్టం. ఆ కింద 2016 సవరణ. ఆ సవరణతో 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. అయితే బడి అయ్యాక ఇంటివాళ్ల వృత్తిలో సాయపడటానికీ, బాలనటులకూ షరతులతో మినహాయింపు ఇచ్చారు. 14 నుంచి 18 మధ్యవాళ్లను ‘కౌమారులు’ అని వేరుచేసి, ప్రమాదకరమైన పనులు మాత్రం నిషేధించారు. ఈ పేజీ నిండేసరికి పదిహేను నిమిషాలు. కానీ బిట్టు ఎటునుంచి వచ్చినా చిక్కుతుంది. వయసు మార్చి అడిగినా, అధికరణం అడిగినా, మినహాయింపు అడిగినా సరే.

అలాగే మహిళలపై నేరాలకు ఓ పేజీ: 1961 వరకట్న నిషేధ చట్టం, 2005 గృహహింస చట్టం, 2013లో పనిచేసేచోట వేధింపుల నిరోధక చట్టం. కులానికి ఓ పేజీ: అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం, 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం, 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, ఆ వెనకే కమిషన్లు. ఎస్సీ కమిషన్‌కి 338, ఎస్టీ కమిషన్‌కి 338ఎ, బీసీ కమిషన్‌కి 338బి అధికరణాలు. ఈ మూడింటినీ తారుమారు చేసి జతపరచమని అడగడం పేపరు తయారుచేసేవాళ్లకు చాలా సులువు. అన్నట్టు, ప్రిలిమ్స్‌లో రాజ్యాంగం ‘లేదు’ అనుకుని ఈ అధికరణాల్నీ వదిలేసినవాళ్లున్నారు. సిలబస్‌లో భాగం పేరు మాత్రమే చదివి, దానికింది వరుసలు చదవకపోతే జరిగేది అదే.

ఆ పేజీలు అలా పాతిక దాకా తయారయ్యాయి. ఆవిడ వాటిని బస్సులో చూసుకునేది. లెక్కలోకి తీసుకోని ఆ నలభై నిమిషాలు అలా కలిసొచ్చాయి.

కరెంట్ అఫైర్స్‌కి మాత్రం మాస్టారి దగ్గరా మంత్రం లేదు. అంతర్జాతీయ, జాతీయ, రాష్ట్ర స్థాయి ముఖ్య సంఘటనలని సిలబస్‌లో ఒక్క ముక్కలో ఉంటుంది. ఎన్ని నెలలు వెనక్కి వెళ్లాలో ఉండదు. ఏడాది చాలని ఆయన అంచనా. అది అంచనాయేనని కూడా చెబుతారు. ‘గ్యారంటీగా ఇవే వస్తాయి’ అంటూ అమ్మే 200 బిట్ల పుస్తకాల మీద ఆయనకున్న అభిప్రాయం ఇక్కడ రాయదగ్గది కాదు.

* * *

ఇక గ్రాండ్ టెస్టులు. జనవరి ఆఖర్న రాసిన రెండో టెస్టులో ఆవిడకు వచ్చింది 58. ఆ రాత్రి నిద్రపోలేదట. మర్నాడు మాస్టారికి పేపరిచ్చి పక్కన నిలబడింది.

ఆయన మార్కులు చూడలేదు. పేపరు మీది గుర్తులు చూశారు. టెస్టు రాసేటప్పుడే ప్రతి ప్రశ్న పక్కనా గుర్తు పెట్టమని ముందే చెప్పి ఉన్నారు. ఖాయంగా తెలిస్తే ఏమీ వద్దు. రెండు జవాబులు కొట్టేసి మిగిలిన రెండింట్లో ఊగిసలాడితే 2. ఒక్కటే కొట్టేయగలిగితే 3. ఏమీ తెలియకుండా పెడితే సున్నా. ఈ పరీక్షలో తప్పు జవాబుకి మూడోవంతు మార్కు పోతుంది కాబట్టి ఈ గుర్తులే అసలు కథ చెబుతాయి.

మొత్తం 138 ప్రశ్నలు పెట్టింది. 78 ఒప్పు, 60 తప్పు. 60 తప్పులకు 20 మార్కులు పోయి 58 మిగిలింది. ఇంతవరకూ ఆవిడకీ తెలుసు. గుర్తులవారీగా విడదీస్తే ఇలా తేలింది. ఖాయమనుకున్నవి 60. అందులో 52 ఒప్పు, 8 తప్పు. నికరంగా 49.33. రెండింట్లో ఊగినవి 30. అందులో 16 ఒప్పు, 14 తప్పు. నికరం 11.33. మూడింట్లో ఊగినవి 24. ఆరు ఒప్పు, 18 తప్పు. నికరం సున్నా! ఏమీ తెలియకుండా పెట్టినవి 24. నాలుగు ఒప్పు, 20 తప్పు. రెండున్నర మార్కులకు పైనే చేతినుంచి పోయాయి.

“అయితే తెలియనివన్నీ వదిలేయమంటారా?” అంది ఆవిడ.

“నువ్వు లెక్కల టీచరువి. నన్నడుగుతావేంటి, నువ్వే కట్టు” అన్నారాయన.

కట్టింది. నాలుగు జవాబుల్లో గుడ్డిగా ఒకటి పెడితే నాలుగింట ఒకటి ఒప్పు, మూడు తప్పు. వచ్చేది ఒకటి, పోయేది మూడు మూడోవంతులు, అంటే ఒకటి. లాభమూ లేదు, నష్టమూ లేదు. అదృష్టం బాగాలేకపోతే నష్టం. ఒక జవాబు కొట్టేయగలిగితే ప్రశ్నకు సగటున తొమ్మిదోవంతు మార్కు లాభం. రెండు కొట్టేయగలిగితే మూడోవంతు. అంటే రెండింట్లో ఊగేవి పెట్టి తీరాలి. మూడింట్లో ఊగేవి కొంచెం లాభమే కానీ దానికోసం టైము తగలేయకూడదు. సున్నా గుర్తువి వదిలేస్తే మంచిది.

ఆవిడ తేలికపడి లేవబోయింది. మాస్టారు కూర్చోమన్నారు. అసలు నష్టం అక్కడ లేదు. ఖాయమనుకుని తప్పుచేసిన ఆ ఎనిమిది ప్రశ్నల్లో ఉంది. ఒప్పయి ఉంటే వచ్చే ఎనిమిదీ పోయాయి, పైన మైనస్ రెండు ముప్పావు దాకా. మొత్తం పదిన్నర మార్కులకు పైనే! గుడ్డిగా పెట్టినవాటి నష్టానికి నాలుగు రెట్లు. ఆ ఎనిమిదీ ఒక్కొక్కటిగా చూశారు. మూడుచోట్ల ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నను ‘సరైనది ఏది’ అని చదివింది. రెండుచోట్ల నాలుగు జతల్లో మొదటి రెండూ చూసి జవాబు పెట్టేసింది. మిగిలిన మూడూ నిజంగా తప్పుగా నేర్చుకున్నవి. అందులో ఒకటి, కోచింగ్ నోట్సులోనే అచ్చుతప్పు.

మొదటి అయిదింటికి మందు చదువు కాదు. ‘సరికానిది’ అన్న మాట కనబడగానే దానిచుట్టూ పెన్నుతో గుండ్రంగా చుట్టాలి. జతలు నాలుగూ చూసేదాకా బుడగ నింపకూడదు. చివరి మూడింటి కోసం గళ్ల పుస్తకం వెనక ఒక పేజీ పెట్టారు, ‘నాకు తప్పుగా తెలిసినవి’ అని. పరీక్షకు ముందురోజు రాత్రి ఆవిడ చూసుకున్నది ఆ పేజీ ఒక్కటే. అప్పటికది రెండు పేజీలైంది.

చాలామంది టెస్టుమీద టెస్టు రాస్తూ పోతారు. రోజుకొకటి రాసేవాళ్లూ ఉన్నారు. విప్పి చూసుకోని టెస్టు అద్దంలో చూసుకోకుండా తల దువ్వుకున్నట్టే. ఆరుకంటే ఎక్కువ రాయొద్దని మాస్టారు పట్టుబట్టింది అందుకే.

* * *

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది కదా! దానికి మాస్టారు సలహా ఇవ్వలేదు, అంకెలు చెప్పారు. మానేస్తే వారానికి ఇంకో 30 గంటలు చేతికొస్తాయేమో. పదకొండు వారాలకు 330. తక్కువేం కాదు. కానీ జీతం ఆగిపోతే ఆ ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? ఆవిడ లెక్కవేసి నాలుగు నెలలంది. ప్రిలిమ్స్ అయ్యాక మెయిన్స్ ఉంటుంది. దానికి తేదీ ఇంకా లేదు. నాలుగో నెల తర్వాత అప్పు చేసి చదవాలి. అప్పుచేసి చదివే మనిషికి పుస్తకం మీద అక్షరాలు కనిపించవని ఆయనకు తెలుసు, ఎందరినో చూశారు. ఆవిడ ఉద్యోగం మానలేదు.

అది ఎంత మేలైందో తర్వాత తెలిసింది. ప్రిలిమ్స్ అనుకున్న రోజునే జరిగింది. నాలుగు లక్షలమందికి పైగా రాస్తే 92,250 మందిని మెయిన్స్‌కి తీసుకున్నారు. ఆవిడ పేరు అందులో ఉంది. మెయిన్స్ మొదట 2024 జులై 28న అన్నారు. అది 2025 జనవరి 5కి మారింది. చివరికి జరిగింది ఫిబ్రవరి 23న. ప్రిలిమ్స్ రాసిన రోజునుంచి చూస్తే దాదాపు ఏడాది! జులైని నమ్ముకుని ఉద్యోగాలు మానేసినవాళ్ల అవస్థ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చదువు కంటే ఎదురుచూపే వాళ్లను ఎక్కువ అలగొట్టింది.

తేదీలు మారితే ప్రణాళికలు ఎందుకు పాడవుతాయంటే, వాటిని తేదీలతో రాస్తారు కాబట్టి. ‘జులై 10: ఆంధ్రప్రదేశ్ చరిత్ర పూర్తి’ అని రాసుకున్నవాడు వాయిదా కబురు వినగానే పుస్తకం మూసేస్తాడు. మూడు వారాల తర్వాత తెరిస్తే సగం మర్చిపోయి ఉంటాడు. ప్రిలిమ్స్‌కి తేదీ ఖాయంగా ఉంది కాబట్టి మాస్టారు తేదీలు వేయించారు. మెయిన్స్‌కి మాత్రం ఒక్క తేదీ కూడా రాయలేదు. ‘వారం 1, వారం 2’ అని రాశారు. మెయిన్స్‌లో రెండు పేపర్లు, నాలుగు భాగాలు: రాష్ట్ర చరిత్ర, రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ, శాస్త్ర సాంకేతికాలు. ఒక్కోటీ 75 మార్కులు. ప్రిలిమ్స్ ఫలితాల కోసం చూడకుండా మర్నాటినుంచే మొదలుపెట్టి 16 వారాల్లో మొదటి చదువు ముగించాలి. ఆ తర్వాత నాలుగేసి వారాల చక్రం. వారానికో భాగం తిరగేత, ఆదివారం దానిమీద టెస్టు. జులైలో పరీక్ష జరిగితే ఒక చక్రంతో పరీక్ష రాసేది. వాయిదా పడ్డాక చక్రాలు పెరుగుతూ పోయాయంతే, కొత్తగా ప్రణాళిక రాయాల్సిన పని పడలేదు.

అయినా ఓ ఇబ్బంది తప్పలేదు. నాలుగో చక్రం దాటాక తిరగేత మొక్కుబడి వ్యవహారమైపోయింది. పేజీ చూడగానే ‘ఇది తెలుసు’ అనిపించేది, టెస్టులో మాత్రం జారిపోయేది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. అప్పుడు మాస్టారు పుస్తకం మూయించి, సిలబస్‌లోని ఒక్కో మాటకూ గుర్తున్నది తెల్లకాగితం మీద రాయమన్నారు. మొదటి రోజు విష్ణుకుండినుల దగ్గర నాలుగు వాక్యాలకే కలం ఆగిపోయింది. శాస్త్ర సాంకేతికాల్లో అయితే సగం వరుసలు ఖాళీ. ఆవిడ బలహీనతేంటో అన్ని నెలల తర్వాత అప్పుడు తెలిసింది. కొంచెం ఆలస్యంగానే.

మెయిన్స్ రాసింది. 905 పోస్టులకు దాదాపు వందమందికి ఒకరి చొప్పున వడపోత. సర్టిఫికెట్ల పరిశీలనకు పిలిచినవాళ్లలో ఆవిడ నంబరు లేదు. మాస్టారి దగ్గరికొచ్చి ఆ మాట చెప్పినప్పుడు ఆయన ఓదార్చే ప్రయత్నమేమీ చేయలేదు. ఏ పేపర్లో ఎక్కడ పోయుంటాయని అడిగారు. శాస్త్ర సాంకేతికాలంది. ఆయనా అవుననే అనుకున్నారు. ఇద్దరూ కాసేపు ఆ పేపరే చూశారు.

ఆవిడ ఇంకా అదే స్కూల్లో లెక్కలు చెబుతోంది. గళ్ల పుస్తకం మాత్రం గ్రంథాలయంలో ఇచ్చేసింది, వేరేవాళ్లకు పనికొస్తుందని. అందులో గంటల పంపకం రాసిన పేజీని మాస్టారు చింపి ఆవిడ చేతికే ఇచ్చారు, అది ఇంకెవరికీ సరిపోదు కాబట్టి. సిలబస్ గడులు, సమాజం పేజీలు ఉంచారు. అట్టమీద ఎర్రసిరాతో రెండు వాక్యాలు రాశారు: ‘ఇది 2023 నోటిఫికేషన్ ప్రకారం. కొత్తది వస్తే ఎడమవైపు గడి మొత్తం మళ్లీ రాసుకోవాలి.’